సంతకానికి ముందు రోజు: దానపత్రం చిత్తును చదవడం

(మండల స్థాయి శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



భూమి సమస్యల మీద మన తరగతుల్లో పాసు పుస్తకాల గురించీ, సర్వే గురించీ చాలాసార్లు మాట్లాడుకున్నాం. ఈ రోజు చిన్న విషయం తీసుకున్నాను. మనలో చాలామంది పిల్లలకు పొలం దానపత్రం ద్వారా రాసిస్తున్నాం. దస్తావేజు లేఖరి చిత్తు తయారు చేసి మన చేతికిస్తాడు. దాన్ని ఎలా చదవాలి? ఎక్కడ చూపు ఆపాలి? అంతవరకే.

ఒక కాగితం కథతో మొదలుపెడతాను. ఊరు చెప్పను, పేర్లు మార్చాను. ఒక చెల్లెమ్మ రిజిస్టరైన దానపత్రం పట్టుకుని మన సంఘం దగ్గరికి వచ్చింది. తండ్రికి సర్వే నంబరు 214-2లో 3 ఎకరాల 60 సెంట్ల మెట్ట ఉంది. 1987లో ఆయన సొంతంగా కొన్నది. తూర్పున వాగు, పడమర పుంత దారి, ఉత్తరం దక్షిణం వేరే రైతుల పొలాలు. అందులో వాగు వైపు 1 ఎకరా 20 సెంట్లు చిన్న కూతురికి దానంగా రాశాడు. ఆన్‌లైనులో ఆమె పేరు ఎక్కింది, 1-బిలో 1.20 కనిపిస్తోంది. తండ్రి పోయాడు. ఆమె కొలిపించుకుందామని సర్వేయరును పిలిచింది. సర్వేయరు కాగితం చదివి, "అమ్మా, నీ ఎకరా ఇరవై ఎక్కడుందో ఈ దస్తావేజు చెప్పడం లేదు" అన్నాడు.

చూస్తే, లేఖరి పాత కొనుగోలు దస్తావేజు ముందు పెట్టుకుని హద్దులు యథాతథంగా దించేశాడు. తూర్పు వాగు, పడమర పుంత. విస్తీర్ణం చూస్తే 1.20. హద్దులు చూస్తే మొత్తం 3.60. ఇక అన్న "పుంత వైపు నాది, బోరు నాది, వాగు ఒడ్డున నీది, తీసుకో" అంటాడు. వాగు ఒడ్డుకు వెళ్లడానికి దారేదీ? దస్తావేజులో దారి మాట లేదు. బోరు మాట లేదు. అన్న దుర్మార్గుడేం కాదు. నాన్న నోటితో చెప్పినది ఆయనకు ఒకలా గుర్తుంది, చెల్లెలికి ఒకలా గుర్తుంది. కాగితం ఇద్దరికీ సాక్ష్యం చెప్పలేకపోయింది.

తండ్రి బతికుంటే ఈ తప్పు దిద్దుకోవడం ఒక పూట పని. ఆయనే మళ్లీ సవరణ దస్తావేజు రాసి రిజిస్టరు చేయిస్తే సరిపోయేది. ఆయన లేడు గనుక తల్లి, అన్న, పెద్దక్క అందరూ వచ్చి సవరణ మీద సంతకాలు పెట్టాలి. ఒక్కరు రానన్నా సివిలు కోర్టుకు పోవాలి. 1963 నిర్దిష్ట ఉపశమన చట్టం 26వ సెక్షను కింద దస్తావేజును సరిచేయమని దావా వేయవచ్చు, కానీ తప్పు పొరపాటున దొర్లిందని, ఇద్దరి అసలు ఉద్దేశం ఇదని రుజువు చేయాలి. ఉద్దేశం తెలిసిన మనిషి పోయాక రుజువు ఎంత కష్టమో మీకు చెప్పనక్కరలేదు. అమ్మకం దస్తావేజులో తప్పుంటే అమ్మినవాడిని వెతికి పట్టుకోవచ్చు. దానపత్రం మామూలుగా పెద్ద వయసులో రాసేది. దిద్దే మనిషి ఎక్కువ కాలం ఉండడు. అందుకే చిత్తును సంతకానికి ముందే చదవాలంటున్నాను.

ఇక చదవడానికి కూర్చుందాం. చిత్తును ముందు రోజే అడిగి తీసుకోండి. రిజిస్ట్రారు ఆఫీసు అరుగు మీద, టోకెను పిలిచే వేళ చదవడం చదవడం కాదు. పక్కన పెట్టుకోవాల్సినవి పాసు పుస్తకం, కొత్తగా తీసిన 1-బి, ఇచ్చేవారికి ఆ భూమి ఎలా వచ్చిందో చూపే పాత దస్తావేజు, ఎఫ్‌ఎంబి నకలు, ఇద్దరి ఆధార్ కార్డులు. ఇద్దరు కూర్చోండి. ఒకరు అసలు కాగితాల నుంచి పైకి చదవాలి. రెండోవారు పెన్సిలుతో చిత్తు చూడాలి. చిత్తు నుంచే పైకి చదివితే కన్ను తనకు కావలసింది చూస్తుంది, ఉన్నది చూడదు. అంకెలు ఒక్కొక్కటిగా పలకాలి: రెండు, ఒకటి, నాలుగు, గీత, రెండు.

నేనైతే చివరి పేజీ నుంచి మొదలుపెడతాను. అక్కడ షెడ్యూలు ఉంటుంది. అందరూ మొదటి పేజీ శ్రద్ధగా చదివి షెడ్యూలు దగ్గరికి వచ్చేసరికి అలసిపోతారు. భూమి ఉన్నది షెడ్యూలులోనే కదా.

రిజిస్ట్రేషన్ చట్టం 21వ సెక్షను ఏమంటుందంటే, ఆస్తిని గుర్తుపట్టడానికి సరిపడా వర్ణన ఉండాలి. గుర్తుపట్టేదెవరు? మన ఊరి వాళ్లు కాదు. ఊరికి కొత్తగా వచ్చిన సర్వేయరు ఆ కాగితం ఒక్కటే పట్టుకుని పొలానికి పోగలగాలి. ఆ పరీక్షే పెట్టుకోండి.

మన చెల్లెమ్మ షెడ్యూలు ఎలా ఉండాల్సింది? ఇలా: "సర్వే నంబరు 214-2లో మొత్తం య.3-60 సెంట్లకు గాను తూర్పు వైపున య.1-20 సెంట్లు మెట్ట. దీనికి హద్దులు: తూర్పు, వాగు. దక్షిణం, ఫలానా వారి భూమి. పడమర, ఇదే సర్వే నంబరులో దాతకు మిగిలిన య.2-40 సెంట్ల భూమి. ఉత్తరం, ఫలానా వారి భూమి." పడమర హద్దు ఒక్కటే మారింది చూడండి. మొత్తం పొలంలో కొంత ముక్క ఇస్తున్నప్పుడు ఏదో ఒక వైపు హద్దు ఇచ్చేవారి మిగులు భూమే అయ్యి తీరాలి. చిత్తులో నాలుగు హద్దుల్లో ఎక్కడా "దాతకు మిగిలిన భూమి" అనే మాట కనిపించకపోతే హద్దులు పాత దస్తావేజు నుంచి దించారని వెంటనే పట్టుకోవచ్చు. హద్దులకూ విస్తీర్ణానికీ పొంతన లేనప్పుడు కోర్టులు మామూలుగా హద్దులకే ఎక్కువ విలువ ఇస్తాయి. కాబట్టి "విస్తీర్ణం సరిగానే ఉంది కదా" అని ఊరుకోవడానికి లేదు.

ఇంకో మాట. పాత దస్తావేజులో హద్దు రైతుల పేర్లు 1987 నాటివి. వాళ్లలో కొందరు చనిపోయి ఉంటారు, కొందరు అమ్ముకుని ఉంటారు. ఇప్పుడు సాగులో ఉన్నవారి పేరు రాసి, పక్కన "పూర్వం ఫలానా వారిది" అని చేరిస్తే పాత కాగితానికీ కొత్త కాగితానికీ లంకె తెగదు.

కొలతలు కూడా రాయించండి. ఆ పొలం తూర్పు పడమరలు 180 గజాలు, ఉత్తర దక్షిణాలు సుమారు 97 గజాలు. ఎకరాకు 4840 చదరపు గజాలు, అంటే సెంటుకు 48.4. వాగు గట్టు నుంచి పడమరగా 60 గజాలు తీసుకుంటే 60ని 97తో గుణించగా 5820 చదరపు గజాలు. దాన్ని 48.4తో భాగిస్తే 120 సెంట్లు దాటి కొంచెం. అంటే 1.20 సరిపోయింది. "వాగు గట్టు నుంచి పడమరగా 60 గజాలు" అన్న ఆరు మాటలు చిత్తులో ఉండి ఉంటే సర్వేయరు గొలుసు వేసి గంటలో రాయి పాతించేవాడు. పొలం వంకర టింకరగా ఉంటే గజాల లెక్క ఇంత సులువుగా కుదరదు. అప్పుడు చిన్న పటం గీయించి, ఇచ్చే ముక్కకు రంగు వేసి, దస్తావేజుకు జతపరచాలి. దాని మీద కూడా దాత సంతకం ఉండాలి.

విస్తీర్ణం అంకెల్లోనూ అక్షరాల్లోనూ ఉంటుంది. రెండూ విడివిడిగా చదవండి. నేను చూసిన ఒక చిత్తులో అంకెల్లో 1-20 ఉంది, అక్షరాల్లో "ఒక ఎకరా రెండు సెంట్లు" అని ఉంది. పద్దెనిమిది సెంట్ల తేడా. ఈ తరగతికి సరిహద్దు అవతల తెలంగాణ నుంచి కూడా మిత్రులు వచ్చారు కాబట్టి ఇది చెప్పాలి. మా వైపు 1.20 అంటే ఎకరా ఇరవై సెంట్లు. వాళ్ల వైపు 1.20 అంటే ఎకరా ఇరవై గుంటలు, అంటే ఎకరంన్నర. ఎకరాకు 40 గుంటలు, గుంటకు రెండున్నర సెంట్లు. అవతల ఆడపిల్లకు ఇచ్చిన భూమికి ఇవతల కూర్చుని చిత్తు రాయిస్తే ఇక్కడే తప్పు దొర్లుతుంది. ఏ కొలతో మాటల్లో రాయకుండా చుక్క పెట్టి వదిలేసిన అంకెను ఒప్పుకోవద్దు.

సర్వే నంబరు సబ్‌డివిజను కూడా అంతే. 214-2 వేరు, 214-2ఏ వేరు. తెలంగాణలో అక్షరాలతో ఉంటాయి: 214/అ, 214/ఆ, 214/ఇ, 214/ఈ. ఒక దీర్ఘం పోతే పక్కవాడి పొలం దానం చేసినట్టే. మన వైపు రీసర్వే జరిగిన గ్రామాల్లో ఇప్పుడు ఎల్‌పీఎం నంబర్లు వచ్చాయి. అలాంటి ఊరైతే కొత్త నంబరుతో పాటు పాత సర్వే నంబరు కూడా రాయించండి. మీ పాత దస్తావేజులన్నీ పాత నంబరుతోనే ఉన్నాయి మరి.

ఇక దారి, నీళ్లు. వాగు ఒడ్డు ముక్కకు పుంత నుంచి రావాలంటే తండ్రికి మిగిలిన 2.40 లోంచే రావాలి. ఇవతల మిగిలిన నిడివి 120 గజాలు. "దాతకు మిగిలిన భూమి ఉత్తరపు గట్టు వెంట పుంత నుంచి 12 అడుగుల వెడల్పున బండి, ట్రాక్టరు నడుచు దారి హక్కుతో సహా" అని షెడ్యూలులోనే ఉండాలి. బోరు తండ్రి మిగుల్చుకున్న ముక్కలో ఉంది. కూతురికి అందులో వాటా ఉంటే ఎన్ని రోజులకు ఒక వంతు, కరెంటు సర్వీసు ఎవరి పేర, మోటారు చెడితే ఖర్చు ఎవరెంత అన్నది రాయాలి. "బోరు, చెట్లు, సమస్త హక్కులతో" అని లేఖరులు అలవాటుగా రాస్తారు. ఇచ్చే ముక్కలో బోరే లేనప్పుడు ఆ మాట ఎవరికీ పనికిరాదు, తగాదాకు తప్ప.

షెడ్యూలు అయింది. ఇప్పుడు పేర్లు.

పాసు పుస్తకంలో వెంకట సుబ్బయ్య, ఆధార్‌లో సుబ్బయ్య, 1987 దస్తావేజులో సుబ్బారాయుడు అనుకోండి. ముగ్గురూ ఒకరే అని మనకు తెలుసు. కాగితానికి తెలియదు. చిత్తులో లేఖరి ఆధార్ చూసి "సుబ్బయ్య" అని రాస్తాడు. అప్పుడు 1987లో కొన్న సుబ్బారాయుడు ఎవరు, దానం ఇస్తున్న సుబ్బయ్య ఎవరు అన్న ప్రశ్న వస్తుంది. మూడు రూపాలూ రాయించండి: "వెంకట సుబ్బయ్య ఉరఫ్ సుబ్బయ్య ఉరఫ్ సుబ్బారాయుడు, తండ్రి ఫలానా". మన ఊళ్లలో తాత పేరు మనవడికి పెట్టే ఆనవాయితీ ఉంది. ఇంటి పేరూ అదే, పేరూ అదే. వాళ్లను విడదీసేది తండ్రి పేరు, వయసు మాత్రమే. కాబట్టి తండ్రి పేరును కూడా అసలు కాగితంతో పోల్చాలి, ఊరికే వదిలేయకూడదు.

పుచ్చుకునేది ఆడపిల్ల అయితే ఇంటి పేరు మారి ఉంటుంది. పదో తరగతి సర్టిఫికెట్లో పుట్టింటి పేరు, ఆధార్‌లో అత్తింటి పేరు. రెండూ రాసి, "ఫలానా వారి భార్య, దాత కుమార్తె" అని రెండు బంధుత్వాలూ పెట్టాలి. దాతతో బంధుత్వం ఎందుకంటే, కుటుంబ సభ్యులకు ఇచ్చే దానానికి స్టాంపు సుంకం తక్కువ, బయటివారికి ఎక్కువ. ఆ బంధుత్వం దస్తావేజులో కనిపించాలి. పుచ్చుకునేది మైనరు అయితే ఆ పిల్ల తరఫున సంరక్షకులుగా ఎవరు స్వీకరిస్తున్నారో వాళ్ల పేరు, బంధుత్వం ఉండాలి.

కంప్యూటరు వచ్చాక కొత్త రకం తప్పు పుట్టింది. పాత ఫైలు తెరిచి పేర్లు మార్చి కొత్త చిత్తు తీస్తారు. మొదటి పేజీలో "నా ద్వితీయ కుమార్తె రమాదేవి" అని ఉంటుంది, మూడో పేజీలో "నీవు నా కుమారుడవై నన్ను పోషించుచున్నందున" అని ఉంటుంది. మునుపటి గిరాకీ కొడుక్కి రాశాడన్నమాట. అందుకని పేరు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టి ప్రతి చోటా పెన్సిలుతో గుండ్రం చుట్టండి. కుమారుడు, కుమార్తె, నీవు, మీరు అన్న మాటలకూ చుట్టండి. తప్పులు మొదటి పేజీలో దొరకవు, మధ్యలో దొరుకుతాయి.

మూడోది, నడుమ ఉండే వాక్యాలు. అక్కడ భాష పాతది, చదవలేక వదిలేస్తాం. కానీ హక్కు పుట్టేదీ చచ్చేదీ అక్కడే. నాలుగు చోట్ల ఆగండి.

మొదటిది, భూమి దాతకు ఎలా వచ్చిందన్న వాక్యం. మనవాళ్లు తండ్రి నుంచి వచ్చిన ప్రతిదాన్నీ "పిత్రార్జితం" అనేస్తారు. లేఖరి కూడా అలాగే రాసేస్తాడు. ఆ మాటకు చట్టంలో బరువుంది. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో తన విడిపడని వాటాను ఒక సభ్యుడు మిగతా వాటాదారుల ఒప్పుకోలు లేకుండా దానం చేస్తే చెల్లదని 1987లో సుప్రీంకోర్టు తమ్మా వెంకట సుబ్బమ్మ కేసులో చెప్పింది. అది మన ఆంధ్ర నుంచి వెళ్లిన కేసే. మన సుబ్బయ్య సొంత డబ్బుతో కొన్నాడు. అది స్వార్జితం. చిత్తులో పిత్రార్జితం అని పడితే, రేపు కొడుకు "నా వాటా కూడా రాసిచ్చాడు" అని దావా వేయడానికి మనమే కాగితం చేతికిచ్చినట్టు. కొన్నదా, పంపకంలో వచ్చిందా, వీలునామాతో వచ్చిందా, ఏది నిజమో అది రాసి, పాత దస్తావేజు నంబరు, సంవత్సరం, రిజిస్ట్రారు ఆఫీసు పేరు పెట్టాలి. నిజంగానే ఉమ్మడి ఆస్తి అయితే మాట మార్చి రాయించి లాభం లేదు. ముందు పంపకం చేసుకోవాలి.

రెండోది, హక్కు ఎప్పుడు మారుతుందన్న వాక్యం. మన పెద్దవాళ్లు లేఖరితో చెప్పే మాట "నేనున్నన్నాళ్లు నేను తింటాను, పోయాక దానికి" అని. లేఖరి దాన్నే పట్టుకుని "నా తదనంతరము నీవు సర్వహక్కులతో అనుభవించవలెను" అని రాస్తాడు. ఇలా రాస్తే అది దానమా, వీలునామానా అన్న తగాదా వస్తుంది. వీలునామాగా తేలితే దాన్ని తర్వాత రాసిన మరో వీలునామా కొట్టేయగలదు. పెద్దాయన కోరిక తీరాలంటే వాక్యం ఇలా ఉండాలి: "షెడ్యూలు ఆస్తిపై సర్వహక్కులు నేటి నుండియే నీకు సంక్రమించినవి. నా జీవితకాలము ఫలసాయము అనుభవించు హక్కు మాత్రము నేను ఉంచుకొన్నాను." హక్కు ఈ రోజే పోయింది, పంట మాత్రం ఆయనది. ఇలా పంట అనుభవాన్ని తన దగ్గరే ఉంచుకుని రాసిన దానపత్రం చెల్లుతుందని రేణికుంట్ల రాజమ్మ కేసులో 2014లో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. అదీ మన తెలుగు నేల నుంచి వెళ్లినదే. ఆమె తాను రాసిన దానపత్రాన్ని రద్దు చేసుకోవాలనుకుంది, కుదరలేదు.

ఆ చివరి మాట జాగ్రత్తగా వినండి. దానం ఒకసారి పూర్తయితే ఇచ్చినవాడు ఇష్టం వచ్చినప్పుడు వెనక్కి తీసుకోలేడు. "నాకు ఇష్టము లేనిచో రద్దుపరచుకొనుటకు హక్కు కలదు" అని రాయిస్తే ధైర్యమని కొందరు అనుకుంటారు. ఆస్తి బదిలీ చట్టం 126వ సెక్షను ప్రకారం, కేవలం దాత ఇష్టం మీద రద్దయ్యే దానం అసలు చెల్లదు. ధైర్యం కోసం రాసిన వాక్యమే పిల్ల హక్కును తినేస్తుంది.

మరి పిల్లలు చూడకపోతే ఎలా? అదే మూడోది. అరవై ఏళ్లు దాటినవారికి 2007 తల్లిదండ్రుల పోషణ చట్టం 23వ సెక్షను ఒక దారి చూపింది. పోషించాలన్న షరతుతో ఆస్తి ఇచ్చి ఉంటే, పుచ్చుకున్నవారు ఆ షరతు తప్పితే, ఆర్డీవో దగ్గరుండే ట్రిబ్యునలు ఆ బదిలీని రద్దు చేయవచ్చు. మెలిక "షరతుతో" అన్న మాటలో ఉంది. 2022 డిసెంబరులో సుదేశ్ ఛికారా కేసులో సుప్రీంకోర్టు, అలాంటి షరతు పెట్టినట్టు చూపలేకపోతే ఈ సెక్షను వర్తించదన్నది. 2025 జనవరిలో ఊర్మిళా దీక్షిత్ కేసులో కొంచెం ఉదారంగా చూసి, దానపత్రం రాసిన రోజే కొడుకు విడిగా రాసిన హామీ కాగితాన్ని కూడా లెక్కలోకి తీసుకుని తల్లికి ఆస్తి వెనక్కి ఇప్పించింది. రెండో తీర్పు మీద భరోసా పెట్టుకుని మొదటి తీర్పు మాట మరచిపోకండి. చిత్తులో "ప్రేమాభిమానములతో" అన్న మాట తప్పకుండా ఉంటుంది. అది షరతు కాదు. "నా జీవితకాలము నాకును నా భార్యకును తిండి, బట్ట, వైద్యము, నివాసము సమకూర్చు షరతుపై ఈ దానము ఇచ్చుచున్నాను. సదరు షరతును దానగ్రహీత అంగీకరించినది" అన్న వాక్యం ఉందా అని వేలు పెట్టి చూడండి. నా అభిప్రాయంలో అరవై దాటిన ఏ రైతూ ఈ వాక్యం లేని దానపత్రం మీద సంతకం పెట్టకూడదు. పిల్లల మీద నమ్మకం లేదని అర్థమా అని ఒక పెద్దాయన నన్ను అడిగాడు. బ్యాంకు మన చేత హామీ రాయించుకున్నప్పుడు ఈ ప్రశ్న అడగం కదా అన్నాను.

ఇదే వరసలో ఇంకొకటి. "నీవు నా అప్పు రెండు లక్షలు తీర్చినందుకు గాను" అని కొన్ని చిత్తుల్లో ఉంటుంది. దానమంటే ప్రతిఫలం లేకుండా ఇచ్చేది. డబ్బు పుచ్చుకున్నట్టు రాస్తే అది అమ్మకం కిందికి పోయే ప్రమాదం ఉంది, సుంకమూ మారుతుంది.

నాలుగోది, స్వీకరణ. దానం ఇచ్చేవారు బతికుండగానే పుచ్చుకునేవారు స్వీకరించాలని 122వ సెక్షను. "సదరు దానమును నేను స్వీకరించితిని" అన్న వాక్యం, కింద దానగ్రహీత సంతకం ఉండాలి. దాత సంతకం ఒక్కటే ఉన్న చిత్తులు చాలా చూశాను. తర్వాత స్వీకరణను వేరే రుజువులతో చూపవచ్చు గానీ, ఉన్న చోట ఒక్క సంతకానికి పోయేదాన్ని కోర్టు దాకా ఎందుకు తీసుకెళ్లడం. ఇద్దరు సాక్షులు తప్పనిసరి, వాళ్లుగా దానం పుచ్చుకునేవారిని పెట్టకండి. దాత వేలిముద్ర వేసేవారైతే "చదివి వినిపించగా విని, అర్థం చేసుకొని" అన్న మాట ఉండాలి, నిజంగా చదివి వినిపించాలి కూడా. వినిపించేటప్పుడు షెడ్యూలు దగ్గర ఆపి, "పడమర ఏముంది?" అని పెద్దాయన్నే అడగండి. మన సుబ్బయ్యను ఎవరైనా ఆ ప్రశ్న అడిగి ఉంటే, "నా పొలమే ఉంది" అని చెప్పేవాడు.

తప్పులు దొరికాయి. ఎలా దిద్దాలి? చేత్తో కొట్టివేసి పైన రాయడం వద్దు. కొట్టివేతలు, ఖాళీలు, దిద్దుబాట్లు ఉంటే రాసిచ్చినవారు అక్కడ పొట్టి సంతకం చేయాలని, లేకపోతే రిజిస్ట్రారు నిరాకరించవచ్చని రిజిస్ట్రేషన్ చట్టం 20వ సెక్షను. ఒక్క అంకె అయినా ఆ పేజీ మళ్లీ ముద్రించమనండి. మళ్లీ ముద్రించాక ఆ ఒక్క చోటే కాదు, పేజీ మొత్తం మళ్లీ చూడండి. ఒక చోట దిద్దబోయి మరో చోట లైను ఎగిరిపోవడం నా కళ్లతో చూశాను.

ఆఫీసులో ఇంకో మెట్టు ఉంది. మన దస్తావేజులోని పేర్లు, సర్వే నంబరు, విస్తీర్ణం కంప్యూటరులోకి విడిగా ఎక్కిస్తారు. రేపు ఈసీ తీస్తే వచ్చేది ఆ ఎక్కించిన వివరమే. కాగితం మీద 214-2 ఉండి, కంప్యూటరులో 241-2 పడితే మీ దానం ఈసీలో కనిపించదు, అదే భూమిని ఇంకొకరికి అంటగట్టడానికి వీలవుతుంది. చెక్ స్లిప్ అడిగి తీసుకుని, దాన్ని కూడా పాసు పుస్తకంతో అంకె అంకె చదవండి. వెనక వరసలో ఉన్నవాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి. తెలంగాణ మిత్రులకు వ్యవసాయ భూమి రిజిస్ట్రేషను తహసీల్దారు దగ్గరే కాబట్టి, స్లాటు తీసుకున్నప్పుడు తెర మీద పడే వివరాల దగ్గరే ఈ పని చేయాలి.

మొదట చెప్పిన చెల్లెమ్మ సంగతి ముగిస్తాను. అన్నను కూర్చోబెట్టి మాట్లాడాం. ఉత్తరపు గట్టు వెంట దారికి ఒప్పుకున్నాడు. బోరు నీళ్లు వారంలో రెండు రోజులు అన్నాడు. తల్లి సంతకానికి సిద్ధం. సవరణ దస్తావేజు చిత్తు తయారైంది, నిన్న రాత్రే నేనూ ఆమే కూర్చుని చదివాం. అందులో కూడా పడమర హద్దు దగ్గర మళ్లీ "పుంత" అనే ఉంది. దిద్దించడానికి పంపాం. పెద్దక్క పండక్కి వస్తానంది, ఆమె వచ్చాక రిజిస్ట్రేషను.